‘ఇ’కి కుడి పక్కన ఎవరు?

మా చుట్టాలల్ల ఎవరింట్ల దావత్ అయినా ఈ కథ లేవకుండ ఉండదు. “తల్లీబిడ్డ ఒక్క బెంచీ మీద కూసోని సదివిన్రు. తల్లి పక్కపొంటి కూసోని చెప్పింది గాబట్టే బిడ్డకు నౌకరొచ్చింది.” అందరికంటె ఎక్కువ మా ఆయనే చెప్తడు. చెప్పేటప్పుడు కూసున్న కుర్చీలనే ముందటికి జరిగి, రెండు చేతులు దగ్గర పెట్టి బెంచీ ఎంత ఇరుకో కూడ చూపిస్తడు. ఆ లైబ్రరీల ఆయన ఒక్కనాడు అడుగు పెట్టింది లేదు.

అబద్ధం. నా బిడ్డ, నేను నల్లగొండ లైబ్రరీల ఒక్క బెంచీ మీద ఒక్కనాడు కూడ కూసోలె. నేను గుమ్మం దిక్కు, పేపర్లు చదివే ముసలోళ్ళ పక్కన. అది కిటికీ దిక్కు, దాని దోస్తుల నడుమ. మా ఇద్దరి మధ్యల పొడుగు బల్ల, దాని మీద ఎవరెవరివో నీళ్ళ సీసాలు. బల్ల ఒక్కటే, అది నిజం.

ఎట్లయిందంటే, రాష్ట్రం వచ్చినంక నౌకర్ల నోటిఫికేషన్లు ఆలస్యమవుతున్నయని వయసు పరిమితి పెంచిన్రు. నేను బి.కాం. చదివి, పెండ్లయి, ప్రైవేటు బడిల లెక్కలు చెప్పుకుంట ముసలిదాన్ని అయితున్న అనుకున్న దాన్ని, పేపర్ల ఆ వార్త చూసి వేళ్ళ మీద లెక్క పెట్టుకున్న. నాకు ఇంకా అవకాశం ఉన్నది. ఒక్కటే, ఆఖరుది. అప్పటికే నా బిడ్డ డిగ్రీ అయిపోయి అదే జూనియర్ అసిస్టెంట్ పరీక్షకు లైబ్రరీల చదువుతుండె. నేను కూడ వస్తనంటే అది అన్నం తినుకుంట చెయ్యి ఆపింది.

“నువ్వా?”

“ఏం, నా డిగ్రీ చెల్లదా?”

“చెల్లుతది. కానీ అమ్మా, నువ్వు ఆడికొచ్చి నన్ను ‘బిడ్డా, తిన్నవా, నీళ్ళు తాగినవా’ అని అందరి ముందట అడగొద్దు. అసలు నన్ను పిలువనే పిలువకు. మనం తల్లీబిడ్డలమని ఎవరికీ తెల్వద్దు.”

“ఎందుకే, నేనేమన్న దొంగతనం చేసొచ్చిన్నా?”

“నీ నోరు నాకెర్క. ఎవనితోనో ఒకనితోని కయ్యం పెట్టుకుంటవు. ఇజ్జత్ నాది పోతది.”

నవ్వులాటకన్నట్టు ఒప్పుకున్న. బడి నుంచి ఇంటికొచ్చి స్కూటీ మీద దాన్ని ఎక్కించుకొని పోతుంటి. లైబ్రరీకి ఇంకొక్క మలుపు ఉండంగనే దిగేది. నేను ముందు పోయి కూసుంటే, కాసేపటికి అది వేరే దారి నుంచి వచ్చినట్టు వచ్చేది. మొదటి దినాలల్ల నాకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఆ మలుపు దగ్గర బండి ఆపుతుంటే ఎవరన్న చూస్తున్నరా అని నేనే అటిటు చూసుడు మొదలు పెట్టిన. సొంత బిడ్డను దించుతుంటే ఎందుకు భయపడాలె? కానీ సిగ్గు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటది. దానికి నన్ను చూసి సిగ్గు, దాని సిగ్గు చూసి నాకు సిగ్గు.

అక్కడ అందరికీ నేను ‘ఆంటీ’నే. పిల్లలు మంచోళ్ళే. కాకపోతే నేను జూమ్ చేసి చూసేటందుకు ఫోను దూరం పెట్టుకుంటే ఒకల మొఖం ఒకలు చూసుకునేటోళ్ళు. నా బిడ్డ మాత్రం నన్ను ఏమనీ పిలువకపోయేది. పెన్ను అడగాల్నన్నా పక్కదాన్ని అడిగేది.

నాకు రీజనింగ్‌ల సీటింగ్ అరేంజ్‌మెంట్ లెక్కలంటే ఇష్టం. ఎవరు ఎవరి పక్కన కూసున్నరు, ఎవరికి ఎదురుగ ఎవరున్నరు అని అడిగే లెక్కలు. అవి నాకు ఇంట్ల పెండ్లి పంక్తి లెక్క అనిపిస్తయి. ఫలానా ఆమె ఫలానా ఆమె పక్కన కూసోదు, ఫలానా ఆయనకు ఎదురుగ ఫలానా ఆయన ఉండొద్దు. పోరగాండ్లు ముందుగాల ఆప్షన్లు చూసి, ఒక్కొక్కటి పెట్టి చూస్తరు. నేనట్ల కాదు. ముందుగాల బొమ్మ. అందరు కుర్చీలల్ల కూసున్నంక ఆప్షన్. ఇంట్ల వంటింటి బల్ల మీద నా బిడ్డకు నేర్పింది కూడ గట్లనే. చేతి గాజు తీసి కాయితం మీద పెట్టి దాని చుట్టు పెన్సిల్ తిప్పితె చక్కటి గుండ్రం వస్తది. ఆరుగురయితే మధ్యలకెళ్ళి మూడు గీతలు, రొట్టెను ఆరు ముక్కలు చేసినట్టు. ఒక్క గీతకు రెండు కొసలంటే ఎదురెదురు కుర్చీలు. ఇగ తప్పు పోవుడు ఉండదు.

ఆదివారాలు ఒక కోచింగ్ సెంటర్‌ల మోడల్ టెస్ట్ పెట్టేటోళ్ళు. మాలో ఒక్క పోరడే దానికి పోయేటోడు. నకిరేకల్ దిక్కు నుంచి బస్సుల వచ్చేటోడు. టెస్ట్ అయినంక ప్రశ్నపత్రం ఫోటోలు తీసి మా వాట్సాప్ గ్రూపుల పెట్టేటోడు. ఎవ్వరు అడగకున్నా పెట్టేటోడు. సాయంత్రం అందరం లైబ్రరీ వరండల కూసోని వాటి మీద కొట్లాడుకుంటుంటిమి.

ఆ ఆదివారం పెట్టిన ఫోటోల గుండ్రం బల్ల లెక్క ఒకటున్నది. కాయితం మడత పడింది. మడత దగ్గర నీడ. నేను జూమ్ చేసి చదివిన. ‘ఆరుగురు వృత్తాకార బల్ల చుట్టూ సమాన దూరంలో కూర్చున్నారు. అందరూ’ అని ఉన్నది. ఆ తర్వాతి మాట మడతల పోయింది. మళ్ళ ‘వైపు చూస్తున్నారు’ అని కనవడుతున్నది. లోపలి వైపా, బయటి వైపా తెల్వది. తక్కినదంతా సాఫ్‌గనే ఉన్నది. ఏకి ఎదురుగ డి. ఏకి ఎడమవైపు రెండో స్థానంల బి. సికి ఎదురుగ ఎఫ్. సి, డి పక్కపక్కన లేరు. అయితే, ఇకి కుడివైపు వెంటనే పక్కన ఎవరు? ఆప్షన్లు: ఏ, ఎఫ్, బి, డి.

సాయంత్రం వరండల కూసోని గాజు తీసిన. గుండ్రం గీసిన. మామూలుగ అందరు లోపలికే చూస్తరు గాబట్టి లోపలికే అనుకున్న. ఏని అడుగున, నా దిక్కు పెట్టిన. నేనే అక్కడ కూసున్నట్టు. ఎదురుగ పైన డి. నా ఎడమకు ఒక్క కుర్చీ వదిలి రెండో దాంట్ల బి, అంటే ఎడమ పైన. ఇగ మిగిలినయి మూడు కుర్చీలు: ఎడమ కింద, కుడి పైన, కుడి కింద. సి, ఎఫ్ ఎదురెదురు ఉండాలె. కుడి కిందికి ఎదురుగ బి ఉన్నడు గాబట్టి అది వాళ్ళది కాదు. అంటే కుడి కింద ఇ. మిగిలిన రెండిట్ల కుడి పైన డికి పక్క, కాబట్టి సి అక్కడ ఉండడు. సి ఎడమ కింద, ఎఫ్ కుడి పైన. అందరు కూసున్నరు. ఇ లోపలికి చూస్తె దాని కుడి చెయ్యి దిక్కు ఎఫ్. రెండో ఆప్షన్.

అంతటితోని ఆగితె అయిపోయేది. పోరగాండ్లు కూడ రెండో ఆప్షనే అన్నరు. కానీ నాకు ఆ మడత గుచ్చుకున్నది. మరి బయటికి చూస్తున్నరేమో? అట్లయితె ఇ కుడి చెయ్యి ఇటు తిరుగుతది, ఏ దిక్కు. ఆప్షన్లల్ల ఏ కూడ ఉన్నది, మొదటిదే! నాకు పట్టుకున్న సంతోషం అంత ఇంత కాదు.

“ఈ ప్రశ్నే చెల్లదు,” అన్న, అందరికి వినవడేటట్టు. “లోపలికయితె ఎఫ్, బయటికయితె ఏ. మాట కనవడకుంట జవాబు ఎట్ల పెడతరు మీరు?”

ఫోటో తీసిన పోరడు మెల్లగ అన్నడు, “ఆంటీ, ఆన్సర్ కీల రెండోదే ఇచ్చిన్రు.”

“కీ చూసి చెప్పుడు ఎవనికయినా వస్తది. నీకు బొమ్మ వచ్చిందా? చూపియ్యి.”

“మామూలుగ లోపలికే చూస్తరు గద ఆంటీ...”

“మామూలుగనా? పరీక్షల మామూలుగ అని రాస్తవా? కాయితం చక్కగ పరిచి ఒక ఫోటో తీయరాదు, రేపు ఆఫీసుల ఫైళ్ళు ఏం చూస్తవు నాయినా నువ్వు? పట్టా కాయితం మడతల సగం ఊరు మింగేస్తవు.”

నలుగురు గొల్లున నవ్విన్రు. నాక్కూడ నా మాట బాగనే అనిపించింది. ఆ పోరడు ఫోను లోపల పెట్టుకున్నడు. “బస్సుల తీసిన ఆంటీ, ఊగుతుంటే...” అన్నడు. చెవులు ఎర్రగయినయి.

అప్పుడు అది లేచింది. నా బిడ్డ. వరండల కిటికీ దిక్కు కూసున్న దోస్తులల్లకెళ్ళి లేచి, అందరిని దాటుకుంట నా ముందటికి వచ్చి కూసున్నది.

“ఆంటీ, జర ఆ పేపర్ ఇటియ్యున్రి,” అన్నది.

అంతకు ముందు ఎన్ని తీర్ల తప్పించుకున్నా, ఆ మాట మాత్రం ఎన్నడు అనలె. చేతిల పెన్సిల్ ఉన్నది, అది కూడ ఇచ్చిన.

అది తన చేతి గాజు తీసింది. కాయితం మీద పెట్టి చుట్టు తిప్పింది. మూడు గీతలు గీసింది.

“మీరు లోపలికి చూస్తున్నట్టు గీసిన బొమ్మ కరెక్టే. ఇప్పుడు బయటికి చూస్తున్నరు అనుకుందం. కానీ మళ్ళ మొదటి నుంచి గీయాలె, పాత బొమ్మ మీద కాదు. ఏ ఇక్కడ అడుగున. బయటికి చూస్తున్నడు అంటే మన మొఖం దిక్కు చూస్తున్నడు. ఆయన ఎడమ, మనకు కుడి. అయితే రెండో స్థానంల ఉన్న బి ఎక్కడొస్తడు? కుడి పైన. మీ బొమ్మల ఎడమ పైన ఉండె. అవునా?”

“ఆఁ,” అన్న.

“డి పైననే. బికి ఎదురుగ ఎడమ కింద. అక్కడ సి, ఎఫ్ ఉండరాదు, కాబట్టి ఇ. సి డి పక్కన ఉండడు, కాబట్టి సి కుడి కింద, ఎఫ్ ఎడమ పైన. అయిపోయింది. ఇప్పుడు ఇ బయటికి చూస్తుంటే కుడి చెయ్యి దిక్కు ఎవరు?”

నేను కాయితాన్ని తిప్పి, తిప్పి చూసిన. ఎఫ్.

“మీరేం చేసిన్రంటే, అందరిని లోపలికి చూసేటట్టు కూసోబెట్టిన్రు. ప్రశ్న కాడికొచ్చినంక ఒక్క ఇ మొఖమే బయటికి తిప్పిన్రు. తిరిగితె అందరు తిరగాలె గద. అందరు తిరిగితె బొమ్మ అద్దంల చూసినట్టు మారుతది, కానీ ఎవరి కుడికి ఎవరన్నది మారదు. కొందరు ఇటు, కొందరు అటు చూస్తె అప్పుడు మడతల పోయిన మాట కావాల్సి వస్తుండె. ‘అందరూ’ అని కనవడుతనే ఉన్నది, ఆంటీ.”

ఎంత నెమ్మదిగ చెప్పిందో. బడిల నేను పిల్లలకు అట్ల చెప్పిందీ లేదు. ఎవరో వెనుక నుంచి, “ఆంటీకి సగం ఊరు మడతల పోయింది,” అన్నరు. నా మాటే నాకు తిరిగొచ్చింది. మళ్ళ నవ్వు. ఈసారి నా మీద.

అది నవ్వలె. నేను చూసిన.

అందరికంటె ముందు నవ్వాల్సినోడు, ఆ ఫోటో పోరడు, అతను కూడ నవ్వలె. అతను కాయితం దిక్కు చూస్తున్నడు. నా గుండ్రం, దాని గుండ్రం, పక్కపక్కన. తర్వాత నా చేతిల ఉన్న గాజు, దాని చేతిల ఉన్న గాజు.

“ఇద్దరు గాజు పెట్టే గీస్తున్రు,” అన్నడు. “నేనింకెవ్వరు గిట్ల గీయంగ చూడలె. మీరిద్దరు చుట్టాలా?”

తిట్లు తిన్న కోపం లేదు అతని గొంతుల. మామూలుగ అడిగిండు. అందరు మా దిక్కు తిరిగిన్రు.

నా బిడ్డ తలెత్తి నన్ను చూసింది. దాని పెదవులు విడిపోయినయి. ఏదో అనబోయింది. ఆ సెకండు ఇప్పటికి నా కండ్ల ముందట ఉన్నది. పెన్సిల్ దాని వేళ్ళల్ల ఉన్నది, గాజు ఇంకా తొడుక్కోలె.

నేను ఆగలె. ఎన్నడు ఆగిన్నని!

“కాదు,” అన్న. “ఈ పిల్ల ఎవరో నాకు తెల్వదు.”

అది నోరు మూసుకున్నది. గాజు తొడుక్కున్నది. లేచి పోయి కిటికీ దిక్కు కూసున్నది.

ఆ సాయంత్రం మలుపు దగ్గర బండి ఆపుకొని నిలబడ్డ. రాదేమో అనుకున్న. వచ్చింది. వెనుక ఎక్కింది. రోజూ నా భుజం మీద చెయ్యి వేసి కూసునేది, ఆ దినం వెనుక కడ్డీ పట్టుకున్నది. క్లాక్ టవర్ దాటినం.

“ఆంటీ అనుడు మంచిగ నోరు తిరిగింది నీకు,” అన్న చివరికి.

“మరి ఏమని పిలువాలె? నువ్వే ఒప్పుకున్నవు గద.”

“ఒప్పుకున్న. అందుకే గద కాదన్న.”

“అందుకే అన్నవా?”

నిజం చెప్పాల్నంటే, అందుకేనని గట్టిగ అనలేను. మాటిచ్చిన గాబట్టి అన్ననా, అందరి ముందట నా తప్పు దిద్దిందన్న రోషంతోని అన్ననా, లేకపోతే అదే ముందుగాల ‘కాదు’ అంటదేమో, ఆ మాట దాని నోట వినలేనని అన్ననా, నాకే తెల్వదు. బడిల ఎవడన్న పోరడు లెక్క మధ్యల వదిలి జవాబు రాస్తె చెవు మెలిపెట్టేదాన్ని.

“ఆ పోరనికి సారీ చెప్పు,” అన్నది ఇంటి ముందర దిగుకుంట. “పాపం, ఫోటోలు ఊకెనే పెడుతడు. పెట్టుడు ఆపేస్తె నష్టం మాకే.”

చెప్పిన. మర్నాడే పోయి చెప్పిన. అతను “అయ్యో, గదేంది ఆంటీ” అన్నడు. ఫోటోలు పెట్టుడు ఆపలె. ఆనాటి నుంచి కాయితం కింద అట్ట పెట్టి తీసేటోడు. నేను మాత్రం వరండల చర్చకు కూసునుడు మానేసిన. గుమ్మం దిక్కే, ముసలోళ్ళ పక్కనే. పరీక్ష రాసిన. సీటింగ్ లెక్క వచ్చింది, బొమ్మ గీసిన, అదయితె రైటే. కానీ మొత్తం మీద మార్కులు సరిపోలె. నాకు నౌకరు రాలె, దానికి వచ్చింది. ఏడుపయితే రాలె నాకు. దానికి నౌకరొచ్చినప్పుడు వంటింట్లకు పోయి నిలబడి ఊపిరి పీల్చుకున్న, అంతే.

పోస్టింగు కొల్లాపూర్ దిక్కు ఇచ్చిన్రు. పోయేముందట దోస్తులను అన్నానికి పిలిచింది. మా ఆయన అందరికి తలుపు తీస్తుండె, నేను లోపల బగారన్నం దించుతున్న. గిన్నె పట్టుకొని బయటికొచ్చే వరకు చాప మీద అందరితోని ఆ ఫోటో పోరడు కూసోని ఉన్నడు. నన్ను చూసి సగం లేచిండు.

“ఆంటీ... మీరిక్కడ?”

గిన్నె కాలుతున్నది. దించే జాగ కనవడలె. నా బిడ్డ వచ్చి బట్టతోని గిన్నె అందుకున్నది.

“మా అమ్మ,” అన్నది. అందరికీ వినవడేటట్టే అన్నది. అప్పటికి దాని నౌకరు దానికి వచ్చేసింది, ఎవ్వరేమనుకున్నా ఫికర్ లేదు. నేను ఆ మాటకు మురవాలె. కానీ నేను అతని మొఖమే చూస్తున్న. అతను ముందు నా చేతి దిక్కు చూసిండు, తర్వాత దాని చేతి దిక్కు. గాజులు. తర్వాత తలవంచుకొని ముందటున్న ఇస్తరాకు సదురుకున్నడు.

మా ఆయనకు ఇదేం తెల్వదు. “తల్లీబిడ్డ ఒక్క బెంచీ మీద కూసోని సదివిన్రు, నువ్వు చూసినవా లేదా బాబూ?” అని ఆ పోరన్నే అడిగిండు. ఎవరెక్కడ కూసున్నరో అతనికి నాకంటె మంచిగ తెలుసు. ‘ఈ పిల్ల ఎవరో నాకు తెల్వదు’ అన్న మాట నేను చెప్పింది కూడ అతనికే. నేను చెంచా పట్టుకొని నిలబడ్డ.

“చూసిన అంకుల్,” అన్నడు. “ఒక్క బెంచీ మీదనే.”

ఆ కథ లోకంల పడింది ఆనాడే. దావత్‌లల్ల చెప్పే ప్రతిసారి నాకు ఆ పిల్లగాడు తలవంచుకొని అన్నం కలుపుడు కనవడుతది. నేను నలుగురి ముందట తిట్టినోడు నా ఇజ్జత్ కాపాడిండు. అందుకే నేను ఆ కథను ఎవ్వరి ముందట కాదనలేకపోతి. ఇక్కడ రాస్తున్న.

నా బిడ్డను మళ్ళ ఒక్కసారి అడిగిన, ఫోన్ల, మాటల మధ్యల. “ఆ దినం ఆ పిల్లగాడు చుట్టాలా అని అడిగితె నువ్వేదో అనబోయినవు. ఏమందామనుకున్నవు?”

“నువ్వే చెప్పేసినవు గద అమ్మా,” అన్నది. నవ్వింది. ఆఫీసుల ఎవరో పిలుస్తున్నరని పెట్టేసింది.

ఆంటీ అని పిలిచి నా ముందట కూసున్న దాని పెదవులు విడిపోవుడు నేను చూసిన. ‘అవును’కు విడిపోయినయా, ‘కాదు’కు విడిపోయినయా? నేను ఒక్క క్షణం నోరు కట్టుకొని ఉంటే, నా బిడ్డ అందరి ముందట నన్ను ఎవరని చెప్తుండె?